50 వేల ప్రీమియం, 10 లక్షల కవర్: మా తమ్ముడికి ఆదివారం చెప్పిన లెక్క

ఈ ఎపిసోడ్ ప్లాన్ చేసుకుని చేస్తున్నది కాదు. ఈ మధ్య ఒక రాత్రి పదకొండింటికి మా తమ్ముడు, అంటే మా చిన్నాన్న కొడుకు, వాట్సాప్‌లో ఒక ఫొటో పంపించాడు. తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిన లెక్క. "ఏడాదికి 50,000. 20 ఏళ్లు. చివర్లో 18,40,000. మధ్యలో ఏమన్నా అయితే 10,00,000 ప్లస్ బోనస్." కింద వాడి మెసేజ్: "అన్నా, ఆదివారం మామ వస్తుండు, సంతకం పెట్టాల్నా?"

వాడికి 24 ఏళ్లు. ఆరు నెలల క్రితమే ఉద్యోగం వచ్చింది, చేతికి నెలకు 45 వేలు. ఇంట్లో చిన్నమ్మ, డిగ్రీ చదివే చెల్లి. చిన్నాన్న లేడు. నాలుగేళ్ల క్రితం గుండెపోటుతో పోయాడు, అప్పటికి ఆయనకు 46. ఆ ఇంట్లో ఇప్పుడు జీతం తెచ్చేది వాడొక్కడే. అందుకే "చూద్దాంలే రా" అని వదిలేయలేకపోయాను. రాత్రి కూర్చుని లెక్క చేశాను. ఆ లెక్కే ఇవాళ మీకు చెప్తాను.

మొదట రెండు పదాలు సరిగ్గా తెలియాలి. ప్రీమియం అంటే మీరు కంపెనీకి కట్టేది. సమ్ అష్యూర్డ్ అంటే మీరు పోతే కంపెనీ మీ ఇంటికి ఇస్తానని రాసిచ్చిన మొత్తం. ఇంతే. కానీ మన ఇళ్లల్లో ఏమవుతుందంటే, "నాకు 10 లక్షల పాలసీ ఉంది" అంటాం. ఏ 10 లక్షలు? మా తమ్ముడి కాగితమే చూడండి. 50 వేలు ఇంటూ 20, వాడు మొత్తం కట్టేది 10 లక్షలు. సమ్ అష్యూర్డ్ కూడా 10 లక్షలే. రెండూ ఒకే అంకె కావడంతో బుర్రలో రెండూ కలిసిపోతాయి. "నేను కట్టిన 10 లక్షలు నాకు వస్తాయి, పైన బోనస్ వస్తుంది, ఫ్రీగా ఇన్సూరెన్స్ కూడా ఉంది" అనిపిస్తుంది. ఆ "ఫ్రీగా" అన్న మాట దగ్గరే మనం తప్పిపోతాం.

అసలు 10 లక్షల కవర్ ఖరీదెంత? దీన్ని ఇలా ఆలోచించండి. మన దేశంలో బీమా కంపెనీలు ఒక మరణాల పట్టిక వాడతాయి. ఏ వయసులో వెయ్యి మందికి ఏడాదిలో ఎంతమంది పోతారన్న లెక్క అది. 30 ఏళ్ల వయసులో అది వెయ్యికి దాదాపు ఒకరు. 50 దాటేసరికి నలుగురికి పైనే. ఇప్పుడు 30 ఏళ్ల వాళ్లు వెయ్యి మంది కలిసి, "మనలో ఎవరు పోయినా ఆ ఇంటికి 10 లక్షలు ఇద్దాం" అనుకున్నారనుకోండి. ఆ ఏడాదికి ఒక్కొక్కరు ఎంత వేయాలి? 10 లక్షల్ని వెయ్యితో భాగిస్తే వెయ్యి రూపాయలు. ఒక్క వెయ్యి! కోటి ఇద్దాం అనుకుంటే పది వేలు. అసలు లెక్కలో కంపెనీ ఖర్చులు, మెడికల్ టెస్టులు, వయసుతో పెరిగే రిస్క్, ఇవన్నీ కలుస్తాయి. కానీ లోపలున్న ఎముక మాత్రం ఇదే.

ఇదే టర్మ్ ఇన్సూరెన్స్. ఆ వెయ్యి మందిలో మిగిలిన 999 మందికి ఏడాది చివర ఏమీ తిరిగి రాదు, ఎందుకంటే వాళ్ల డబ్బు ఆ ఒక్క ఇంటికి వెళ్లిపోయింది. అందుకే అంత చౌక.

ఇప్పుడు మళ్లీ తమ్ముడి కాగితానికి వద్దాం. 10 లక్షల కవర్ అసలు ఖరీదు ఏడాదికి వెయ్యికి కాస్త అటూ ఇటూ. వాడు కట్టాల్సింది 50 వేలు. మరి మిగిలిన 49 వేలు దేనికి? పొదుపుకి, కంపెనీ ఖర్చులకి, ఏజెంట్ కమీషన్‌కి. అంటే ఎండోమెంట్ పాలసీ అనేది నిజానికి పెద్ద పొదుపు డబ్బా, దాని మీద చిన్న ఇన్సూరెన్స్ స్టిక్కర్. మనం స్టిక్కర్ చూసి కొంటాం.

"సరే, పొదుపే అనుకుందాం, పొదుపుగా అయినా బాగుందా?" అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. ముందు 18.4 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఇలాంటి పాలసీల్లో బోనస్‌ని వెయ్యి రూపాయల సమ్ అష్యూర్డ్‌కి ఇంత అని ప్రకటిస్తారు. మామ వెయ్యికి 42 రూపాయలు అనుకుని లెక్క వేశాడు. 10 లక్షల మీద ఏడాదికి 42 వేలు. ఇరవై ఏళ్లకు 8.4 లక్షలు. దానికి 10 లక్షల సమ్ అష్యూర్డ్ కలిపితే 18.4. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఈ రకం బోనస్ మీద మళ్లీ బోనస్ రాదు. మొదటి ఏడాది చేరిన 42 వేలు ఇరవయ్యో ఏట కూడా 42 వేలుగానే ఉంటాయి. పైగా 42 అన్నది గ్యారంటీ కాదు, కంపెనీ ఏ ఏడుకి ఆ ఏడు ప్రకటిస్తుంది.

ఇక వడ్డీ ఎంత పడుతుందో తెలుసుకోవడానికి ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఏదైనా గడిలో ఇది టైప్ చేయండి:

```
=RATE(20,-50000,0,1840000,1)
```

20 అంటే ఏళ్లు, 50000 అంటే ఏటా జేబులోంచి పోయేది, అందుకే మైనస్. చివరి 1 అంటే డబ్బు ఏడాది మొదట్లోనే కడుతున్నాం అని. ఎంటర్ కొడితే సుమారు 5.5 శాతం వస్తుంది. గడి 5% లేదా 6% అని గుండ్రంగా చూపిస్తే దశాంశాలు పెంచి చూడండి. చివర్లో కొన్ని పాలసీలకు ఫైనల్ అడిషనల్ బోనస్ అని ఇంకొంచెం ఇస్తారు. ఒక 60 వేలు వచ్చాయనుకుని మార్చి చూశాను, 5.8 దాకా వెళ్లింది. అంతే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మీకు పాలసీ అమ్మేటప్పుడు బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అని ఒక ప్రింట్ ఇవ్వాలి. తెల్ల కాగితం మీద పెన్ను లెక్క కాదు, ప్రింట్. బోనస్ పాలసీలైతే అందులో 4 శాతం, 8 శాతం అని రెండు కాలమ్స్ కనిపిస్తాయి. చాలామంది ఆ 8 చూసి "మనకి 8 శాతం వస్తుందట" అనుకుంటారు. కాదు. కంపెనీ పెట్టుబడుల మీద 8 శాతం వస్తే అని ఊహించి వేసిన లెక్క అది. ఖర్చులు పోయాక మీ ప్రీమియం మీద పడేది తక్కువ. ఆ కాలమ్‌లో ఉన్న మెచ్యూరిటీ అంకెని పైన చెప్పిన ఫార్ములాలో పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

సరే, ఇప్పుడు రెండో దారి. అదే 50 వేలు. వాడి వయసుకి, సిగరెట్ అలవాటు లేని మనిషికి, 60 ఏళ్ల దాకా కోటి రూపాయల టర్మ్ కవర్‌కి నేను చూసిన కొటేషన్లు ఏడాదికి సుమారు 10 వేలు. పాత వీడియోల్లో దీని మీద 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పి ఉంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాకి ఆ జీఎస్టీ తీసేశారు, కాబట్టి అప్పటి అంకెలు ఇప్పుడు వాడకండి. మిగిలిన 40 వేలు పీపీఎఫ్‌లో వేశాడనుకుందాం. షేర్లు, ఫండ్లు నేను కావాలనే పక్కన పెట్టాను. మా చిన్నమ్మకి రాత్రి నిద్ర పట్టాలి కదా. పీపీఎఫ్ 15 ఏళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లు పొడిగించుకోవచ్చు, అంటే 20. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం దగ్గరే ఉంది. ముందు ముందు మారొచ్చు, ఇప్పటికి అదే పెట్టి చూద్దాం:

```
=FV(7.1%,20,-40000,0,1)
```

వచ్చేది సుమారు 17.76 లక్షలు.

అవును, 18.4 కంటే తక్కువే. చాలా వీడియోల్లో ఇక్కడ "ఎండోమెంట్ తీసుకుంటే నష్టపోయారు, అదే డబ్బుతో కోటీశ్వరులు అయ్యేవాళ్లు" అని చెప్తారు. నేను ఆ మాట చెప్పను. ఇరవై ఏళ్లు బతికి ఉంటే రెండు దారుల్లోనూ చేతికొచ్చే డబ్బులో తేడా 64 వేలు. ఇరవై ఏళ్ల మీద అది పెద్ద విషయం కాదు. అసలు తేడా బతికి ఉన్నప్పుడు కనిపించేది కాదు. ఒక దారిలో ఆ ఇరవై ఏళ్లూ ఇంటి వెనక 10 లక్షలు నిలబడి ఉంటాయి, బోనస్‌తో మెల్లగా పెరుగుతూ. రెండో దారిలో మొదటి రోజు నుంచే కోటి. పాలసీ 60 దాకా కదా, అప్పటిదాకా ఏటా ఆ 10 వేలు కడుతూ ఉంటే ఆ కోటి కూడా అలాగే ఉంటుంది.

ఇది ఊరికే చెప్పే లెక్క కాదు మాకు. చిన్నాన్న పాలసీ కూడా ఇదే రకం. 36 ఏళ్లప్పుడు తీసుకున్నాడు, ఏడాదికి 53 వేలు, సమ్ అష్యూర్డ్ 10 లక్షలు. ఆయనకి టైల్స్ షాపు. చేతిలో డబ్బు ఆడని నెలల్లో కూడా ఆ ప్రీమియం మాత్రం ఎప్పుడూ ఆపలేదు. పది ప్రీమియంలు కట్టాడు, 5 లక్షల 30 వేలు. పోయినప్పుడు వచ్చింది 10 లక్షలు, పదేళ్ల బోనస్ 4 లక్షల 20 వేలు. మొత్తం 14 లక్షల 20 వేలు. కంపెనీ రాసిచ్చిన మాట ప్రకారం ప్రతి రూపాయి ఇచ్చింది. ఎవరూ మోసం చేయలేదు.

కానీ అప్పటికి ఇంటి లోన్ 17 లక్షలు ఉంది. షాపుకి సరుకు వేసిన వాళ్లకి ఇవ్వాల్సింది 3 లక్షలు. చిన్నమ్మ ముందు షాపు బాకీ తీర్చింది. లోన్‌లో 6 లక్షలు కట్టి ఈఎంఐ తగ్గించుకుంది. మిగిలిన 5 లక్షల 20 వేలతో రెండేళ్లు ఇల్లు, ఇద్దరు పిల్లల చదువు. తర్వాత మా తమ్ముడు సాయంత్రాలు మెడికల్ షాపులో పనిచేస్తూ డిగ్రీ చివరి ఏడాది పూర్తి చేశాడు. లోన్ ఇప్పటికీ 9 లక్షలు ఉంది. 36 ఏళ్ల వయసులో కోటి టర్మ్‌కి ఆయన కట్టాల్సింది ఏడాదికి ఇవాళ్టి రేట్ల ప్రకారం ఒక 15, 16 వేలు. కోటి వచ్చి ఉంటే, 20 లక్షల అప్పులన్నీ తీరి, మిగిలిన 80 లక్షలు ఆరున్నర శాతానికి డిపాజిట్ చేసినా నెలకు 43 వేలు వచ్చేవి. చిన్నాన్న 53 వేలు కట్టగలిగిన మనిషి. కట్టాలన్న బాధ్యత ఉంది, డబ్బు ఉంది. ఎవరూ ఆయనకి సమ్ అష్యూర్డ్ ఎంత ఉండాలి అన్న ప్రశ్న వేయలేదు. ప్రీమియం ఎంత కట్టగలవు అని మాత్రమే అడిగారు.

అందుకే తమ్ముడితో లెక్క తలకిందులుగా చేయించాను. ముందు ప్రీమియం కాదు. "నువ్వు రేపు లేకపోతే" అని అడగడం నాకూ ఇబ్బందిగానే ఉంది, వాడు కూడా కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే చెప్పాడు. లోన్ 9 లక్షలు. చెల్లి పీజీకి 5 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 25 వేలు, ఏడాదికి 3 లక్షలు, అమ్మకి ఇంకో పాతికేళ్లకైనా కావాలి, అంటే 75 లక్షలు. మొత్తం 89 లక్షలు. ధరలు పెరుగుతాయి, కోటి అనుకో అన్నాను. వాడి సంపాదన ఏడాదికి 5 లక్షల 40 వేలు. కోటి అంటే దానికి దాదాపు 18 రెట్లు. ఈ వయసు వాళ్లకి కంపెనీలు మామూలుగా 20 రెట్ల దాకా ఒప్పుకుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు అదే కోటి సమ్ అష్యూర్డ్‌ని ఎండోమెంట్‌లో తీసుకోవాలంటే ప్రీమియం ఎంతో చూడండి. 10 లక్షలకు 50 వేలు అయితే కోటికి 5 లక్షలు. వాడి జీతం దాదాపు మొత్తం. అంటే ఈ రకం పాలసీతో వాడి ఇంటికి సరిపడా కవర్ కొనడం సాధ్యమే కాదు. ఇది నచ్చడం, నచ్చకపోవడం గురించి కాదు.

"మరి టర్మ్‌లో నాకేం కాకపోతే ఏం రాదు కదన్నా?" రాదు. మాది కరీంనగర్ వైపు, అందుకని వాడికి రైతు బీమా గుర్తు చేశాను. తెలంగాణలో 2018 నుంచి ఉంది. 18 నుంచి 59 ఏళ్ల రైతుకి, ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వం ఎల్‌ఐసీకి కడుతుంది. అది అచ్చంగా టర్మ్ ఇన్సూరెన్సే. మా ఊర్లో ఏ రైతూ ఏడాది చివర "నేను బతికే ఉన్నా, నా ప్రీమియం ఏదీ" అని అడగలేదు. మన జేబులోంచి పోతే మాత్రం అడగాలనిపిస్తుంది.

ఆ అనిపించడాన్ని కూడా అమ్ముతారు. ప్రీమియం తిరిగిచ్చే టర్మ్ అని ఒకటుంది. ప్రీమియం బాగా ఎక్కువ, చాలాచోట్ల రెట్టింపుకి దగ్గర. 35 ఏళ్ల తర్వాత కట్టిందే ఇస్తారు, వడ్డీ లేకుండా. నేనైతే తీసుకోను.

ఇక హోల్ లైఫ్. మా నాన్నకి ఇదంటే చాలా ఇష్టం. "టర్మ్ 60కి అయిపోతది, ఇది నూరేండ్ల దాక ఉంటది" అంటాడు. నిజమే, 99 లేదా 100 ఏళ్ల దాకా కవర్ ఉంటుంది. కొన్ని పాలసీలైతే 20 ఏళ్లకు ఎండోమెంట్ లాగా డబ్బిచ్చేసి, ఆ తర్వాత కూడా పోయేదాకా సమ్ అష్యూర్డ్ కవర్ కొనసాగిస్తాయి. కానీ కంపెనీ వైపు నుంచి చూడండి. టర్మ్‌లో వెయ్యిలో ఎక్కువ మందికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. హోల్ లైఫ్‌లో అందరికీ ఇవ్వాల్సిందే, ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు అందరూ పోతారు. కాబట్టి ఇవ్వబోయే డబ్బంతా మన దగ్గరే ముందుగా వసూలు చేసుకోవాలి. ప్రీమియం అందుకే ఎక్కువ. ఇంకోటి, ఆ డబ్బు ఎప్పుడు వస్తుంది? నాకు ఇప్పుడు 28. నేను 78కి పోయానంటే ఇంకో 50 ఏళ్లకు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పటి 10 లక్షలు ఇప్పటి లెక్కలో సుమారు 54 వేలు. నా పిల్లలకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఇన్సూరెన్స్ అసలు కావాల్సింది నా సంపాదన మీద ఎవరో ఆధారపడి ఉన్న ఏళ్లలో. వికలాంగుడైన కొడుకో కూతురో జీవితాంతం ఆధారపడి ఉండే ఇల్లయితే వేరే సంగతి, అక్కడ హోల్ లైఫ్‌కి నిజంగా అర్థం ఉంది.

ఇప్పుడు మీలో చాలామంది అడగబోయేది నాకు తెలుసు. "నేను ఆల్రెడీ కడుతున్నా, ఆపేయాలా?" నేను కూడా కడుతున్నాను. అదే రకం, 50 వేలు, 20 ఏళ్లు, 10 లక్షలు. మొదటి ఉద్యోగం రాగానే నాన్న తీసిచ్చాడు. ఐదు ప్రీమియంలు కట్టాను. కిందటేడు ఉద్యోగం వదిలేసి ఇలా వీడియోల్లోకి వచ్చాక, ఒక నెల డబ్బు వస్తుంది, ఒక నెల రాదు. ఆరో ప్రీమియం మెసేజ్ వచ్చినప్పుడు మూడు దారులు కనిపించాయి. కొనసాగించడం, సరెండర్ చేయడం, లేదా పెయిడ్ అప్ చేయడం.

పెయిడ్ అప్ అంటే చాలామందికి తెలియదు. ఇక కట్టడం ఆపేస్తారు, పాలసీ మాత్రం చిన్నదై బతికే ఉంటుంది. 20లో 5 కట్టాను కాబట్టి 10 లక్షల సమ్ అష్యూర్డ్ నాలుగో వంతుకి, 2.5 లక్షలకి తగ్గుతుంది. ఇప్పటిదాకా చేరిన బోనస్ 2.1 లక్షలు అలాగే ఉంటుంది, కొత్త బోనస్ మామూలుగా రాదు. 15 ఏళ్ల తర్వాత 4.6 లక్షలు. సరెండర్ చేస్తే ఇప్పుడే ఎంతిస్తారని కంపెనీని అడిగితే 1 లక్షా 62 వేలు అని ఉత్తరం వచ్చింది. కట్టింది 2.5 లక్షలు! చూడగానే కడుపు మండింది. కానీ ఆ 1.62 లక్షల్ని 7.1 శాతానికి 15 ఏళ్లు వేస్తే సుమారు 4.53 లక్షలు. పెయిడ్ అప్‌లో వచ్చేది 4.6. రెండూ ఒకటే.

మరి కొనసాగిస్తే? ఇక్కడ నాకే ఆశ్చర్యం వేసింది. ఇంకో 15 ప్రీమియంలు కడితే 18.4 లక్షలు వస్తాయి, కట్టకపోయినా 4.6 వస్తాయి. అంటే ఇకమీదట కట్టే డబ్బుకి వచ్చేది 13.8 లక్షలు. `=RATE(15,-50000,0,1380000,1)` అని కొడితే సుమారు 7.3 శాతం. మొదటి రోజు 5.5 శాతం ఉన్న పాలసీ, ఐదేళ్లు కట్టాక ముందుకు చూస్తే 7.3! ఎందుకంటే మొదటి ఏళ్లలో పోవాల్సిన కమీషన్, ఖర్చులు ఇప్పటికే పోయాయి. అందుకే "ఎండోమెంట్ ఉంటే వెంటనే సరెండర్ చేయండి" అని అందరికీ ఒకే మాట చెప్పడం తప్పు. ఏడాది, రెండేళ్లు కట్టిన వాళ్ల లెక్క వేరు, పదేళ్లు కట్టిన వాళ్ల లెక్క వేరు. మీ బోనస్, మీ ఏళ్లు పెట్టి మీరే చూసుకోవాలి.

నేను పెయిడ్ అప్ చేశాను. 7.3 చెడ్డదని కాదు. ఒకేసారి 50 వేలు ప్రతి ఏడూ తేగలనన్న నమ్మకం నాకు లేదు. ఏడాది ప్రీమియంకి గ్రేస్ పీరియడ్ 30 రోజులు. అది దాటితే పూర్తి కవర్ పోతుంది. టర్మ్ ప్రీమియం 10 వేలైతే ఎంత చెడ్డ నెలలోనైనా తేగలను. నాన్న మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. "ఐదేండ్లు కట్టినవ్, గిట్లెట్ల ఇడుస్తవ్ రా" అన్నాడు. 4.6 లక్షల అంకె చూపించాక కొంచెం తగ్గాడు.

కానీ వరస ముఖ్యం. ముందు టర్మ్ పాలసీ చేతికి వచ్చింది, ఆ తర్వాతే పాతది ఆపాను. టర్మ్ అప్లికేషన్ రిజెక్ట్ అవ్వొచ్చు. ఇంకో సంగతి, మీలో ఎవరైనా ఉద్యోగం వదిలి ఫ్రీలాన్స్‌లోకి వెళ్లాలనుకుంటుంటే, టర్మ్ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. కంపెనీలు జీతం స్లిప్పులో, ఐటీ రిటర్నులో అడుగుతాయి. నేను వదిలేశాక తీసుకున్నాను, పాత రిటర్నులు ఉండబట్టి సరిపోయింది. ఆదాయ రుజువు అసలు లేనివాళ్లకి సరళ్ జీవన్ బీమా అని అన్ని కంపెనీల్లో ఒకే షరతులతో ఉండే టర్మ్ పాలసీ ఉంది. కవర్ చిన్నది, మొదటి 45 రోజులు ప్రమాదంలో పోతేనే ఇస్తారు, కానీ ఏమీ లేకపోవడం కంటే నయం.

ఆదివారం వచ్చింది. మామ కాఫీ తాగి కాగితాలు తీశాడు. తమ్ముడే మాట్లాడాడు. "మామా, కోటి సమ్ అష్యూర్డ్ కావాలి, టర్మ్‌లో ఎంత?" మామకి కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. "మా కాడ గది కూడ ఉంటది బిడ్డా, ఎవ్వరు అడుగరు" అన్నాడు, ఫోన్‌లో కొటేషన్ తీశాడు. 10 వేల చిల్లర.

ఫారం నింపేటప్పుడు ఒక చోట తమ్ముడి చెయ్యి ఆగింది. తల్లిదండ్రుల్లో ఎవరైనా 60 లోపు గుండె జబ్బుతో పోయారా అన్న ప్రశ్న. "నాన్న గురించి రాస్తే రిజెక్ట్ చేస్తారేమో అన్నా" అన్నాడు నా చెవిలో. రాయమన్నాను. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం పాలసీ మొదలై మూడేళ్లు దాటాక కంపెనీ ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించలేదు. కానీ ఆ మూడేళ్ల లోపు ఏదైనా జరిగి, దాచిన విషయం బయటపడితే క్లెయిమ్ ఆపేసే హక్కు ఉంది. చిన్నమ్మ మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలా? వాడు రాశాడు. ఈసీజీ, రక్త పరీక్షలు అడిగారు. పది రోజుల తర్వాత ప్రీమియం 11,400 అని వచ్చింది. 1,400 పెరిగింది, కట్టాడు. పాలసీ వచ్చాక అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి 30 రోజులు ఫ్రీ లుక్ ఉంటుంది. వాడు పుట్టిన తేదీ, కుటుంబ చరిత్ర జవాబు, సమ్ అష్యూర్డ్‌లో సున్నాలు, అన్నీ ఫోన్‌లో నాకు చదివి వినిపించాడు.

నామినీ దగ్గర మాత్రం చిన్నమ్మ కల్పించుకుంది. చిన్నాన్న పాలసీలో నామినీగా పెళ్లికి ముందు రాసిన నానమ్మ పేరే ఉండిపోయింది, పాత పాలసీ వివరాలే ఇందులోకి ఎక్కించారు. నానమ్మ ఆయన కంటే ముందే పోయింది. వారసుల సర్టిఫికెట్ కోసం చిన్నమ్మ ఏడు నెలలు తిరిగింది. అందుకే ఆదివారం ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, ఫారంలో తన పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం అక్షరం పోల్చి చూసి, "పెండ్లైనంక మర్చిపోకుండ మార్చు" అని కొడుక్కి చెప్పి, అప్పుడు సంతకం పెట్టనిచ్చింది.